హోటళ్ల తడి చెత్తతో ఎరువు: ఉప్పు దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టిన మా అనుభవం

మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. నేనూ మా బావమరిదీ కలిసి 2024 సెప్టెంబరు నుంచి ఊళ్లోని హోటళ్లు, జ్యూస్ బండ్లు, కూరగాయల మార్కెట్ నుంచి తడి చెత్త తెచ్చి ఎరువు చేస్తున్నాం. ఇలాంటిది తమ ఊళ్లో చేద్దామనుకుంటున్నవాళ్లు ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అందరూ మొదట అడిగేది "ఎరువు కిలో ఎంతకి పోతుంది?" అనే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

స్థలం కోసం 2024 జనవరిలో అర్జీ పెట్టాం. ఊరి డంపింగ్ యార్డులో ఒక మూల ఇరవై సెంట్లు ఇస్తే చాలన్నాం. "మంచి ఆలోచన, ఫైలు పైకి పంపిస్తాం" అన్నారు. ఏప్రిల్ దాకా తిరిగాం, ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. చివరికి ఊరి చివర మూతబడిన చెనక్కాయల మిల్లు పక్కన ముప్పై సెంట్లు నెలకి ఐదు వేలకి బాడుగకి తీసుకున్నాం. ఒక రకంగా అదే మంచిదైంది, ఎందుకో తర్వాత చెబుతాను. చిన్న పరిశ్రమలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఒక్కరోజులో అయిపోయింది, దానికి ఎవరికీ డబ్బులివ్వొద్దు. లోన్‌కి మాత్రం మే నెలలో బ్యాంకులో అడిగితే ఆగస్టు చివర్లో వచ్చింది. మధ్యలో మేనేజర్ మారారు, కొత్తాయన మళ్లీ మొదటి నుంచి కాగితాలు అడిగారు. ఆ మూడు నెలలూ నాకు నిద్ర సరిగ్గా లేదు, ఎందుకంటే అప్పటికే బాడుగ కడుతున్నాం. లోన్ రెండు లక్షల ఎనభై వేలు, చేతి నుంచి లక్షన్నర పెట్టాం. సెకండ్ హ్యాండ్ ట్రాలీ ఆటో, మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు, రేకుల షెడ్డు, చేత్తో తిప్పే జల్లెడ. అంతే.

డ్రమ్ముల గురించి ఒక మాట. ఒక్కో హోటలుకి రెండు డ్రమ్ములు ఉండాలి, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మన దగ్గర. మనం వెళ్లి నిండిన డ్రమ్ము తీసుకుని కడిగిన డ్రమ్ము పెట్టి రావాలి. అక్కడే కుమ్మరించుకుని వస్తామంటే ఏ హోటలువాళ్లూ ఒప్పుకోరు, గుమ్మం ముందు నీళ్లు కారతాయి, వాసన. నేను మొదట పర్యావరణం, భూమి, రైతులు అని చాలా చెప్పాను, వాళ్లు మర్యాదగా విన్నారు. కానీ డబ్బులివ్వడానికి ఒప్పుకున్నది మాత్రం "మధ్యాహ్నం భోజనాల రద్దీ అయిపోయిన మూడు గంటలకి వచ్చి తీసుకెళ్తావా?" అన్న ప్రశ్నకి అవునన్నాకే. మున్సిపాలిటీ బండి పొద్దున్నే వస్తుంది. మధ్యాహ్నం చెత్త మర్నాటి దాకా వంటింటి వెనక ఉంటుంది, ఈగలు, ఎలుకలు, కస్టమర్ల గొడవ. వాళ్లకి మేం అమ్ముతున్నది ఆ మూడు గంటల బండినీ, కడిగిన డ్రమ్మునీ. ఎరువు వాళ్లకి సంబంధం లేని విషయం. ఇది అర్థమయ్యాక మాటలు తగ్గించి టైమ్ పట్టుకున్నాం.

సెప్టెంబరులో ఎనిమిది హోటళ్లు, నాలుగు జ్యూస్ బండ్లతో మొదలుపెట్టాం. అప్పట్లో నెలకి హోటలుకి ఎనిమిది వందలు, జ్యూస్ బండికి మూడు వందలు. మొదటి నెల అందరూ ఇచ్చారు. అక్టోబరులో చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించారు. మర్నాడే ఒక హోటలాయన, "చెత్త పన్నే ఎత్తేసినారు కదప్పా, మళ్లా నువ్వేంది వసూలు చేస్తాండావు?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. అది మున్సిపాలిటీ వేసిన పన్ను, ఇది మేం మధ్యాహ్నం వచ్చే బండికి కూలి అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరిగాం. ఐదుగురు ఆ నెల ఇవ్వలేదు. మేం బండి ఆపలేదు, నవంబరులో ముగ్గురు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు, ఇద్దరు మానుకున్నారు. మీరు ఆంధ్రాలో ఎక్కడ మొదలుపెట్టినా ఈ ప్రశ్న వస్తుంది. రసీదు మీద "చెత్త" అన్న మాట తీసేసి "డ్రమ్ము సర్వీసు" అని రాయించాక కొంచెం తగ్గింది.

ఇక కుప్పల సంగతి. తడి చెత్తలో నూటికి ఎనభై ఐదు పాళ్లు నీళ్లే. దాన్ని అలాగే పోగేస్తే మూడో రోజుకి కుళ్లిన గుడ్ల వాసన, కింద నల్లటి రసం. లోపలికి గాలి పోకపోవడం వల్ల వచ్చే వాసన అది. ఎండిన, గరుకైన సరుకు ఏదో ఒకటి కలపాలి, అది నీళ్లు పీల్చుకుంటుంది, మధ్యలో గాలికి సందులు ఇస్తుంది. పక్కన పాత మిల్లు ఉండటం ఇక్కడ కలిసొచ్చింది, మిల్లు మూతబడినా ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు తెలిసినవాళ్లే, చెనక్కాయ పొట్టు మాకు కిలో నాలుగు రూపాయలకి దొరికింది. ఇటుక బట్టీలవాళ్లు కాల్చడానికి కొంటారు కాబట్టి ఉచితంగా వస్తుందనుకోవద్దు, బట్టీల సీజన్‌లో రేటు పెరుగుతుంది కూడా.

లెక్క ప్రకారం చెమ్మ అరవై శాతానికి దిగాలంటే వంద కిలోల తడి చెత్తకి యాభై కిలోల పొట్టు కావాలి. అంత పెడితే దివాలా. మా ఊళ్లో ఎండా గాలీ రెండూ ఎక్కువ కాబట్టి ముప్పై కిలోలతో మొదలుపెట్టి తిరగేసేటప్పుడు మిగతా చెమ్మ పోనిచ్చాం. చూసుకోవడం సులువు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిసికితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే పొట్టు తక్కువైనట్టు, పిడికిలి తెరవగానే పొడిగా రాలిపోతే నీళ్లు కావాలన్నట్టు. వేడికి ఒక ఇనుప కడ్డీ కుప్పలో గుచ్చి పది నిమిషాలాగి తీస్తాం, చేత్తో పట్టుకోలేనంత కాలాలి. తర్వాత పొడుగు థర్మామీటరు కొన్నాం. యాభై ఐదు డిగ్రీలు దాటి కనీసం మూడు రోజులు ఉంటేనే రోగకారకాలూ కలుపు విత్తనాలూ చాలావరకు చస్తాయి. కుప్ప అంచులు అంత వేడెక్కవు కాబట్టి బయటిది లోపలికి పోయేలా తిరగెయ్యాలి. మా దగ్గర పనిచేసే ఇద్దరు అక్కలు ఇప్పుడు కడ్డీ కూడా గుచ్చరు, చెయ్యి దగ్గరపెట్టి చెప్పేస్తారు.

మొదటి ఇబ్బంది చీనీ, అంటే బత్తాయి, తొక్కలతో వచ్చింది. మాది చీనీ జిల్లా, జ్యూస్ బండ్ల దగ్గర వచ్చేదంతా చీనీ తొక్కా పిప్పీనే. అది ఎక్కువ పడిన కుప్ప వారం దాటినా వేడెక్కలేదు. పుల్లటి వాసన, కడ్డీ తీస్తే గోరువెచ్చగా. పులుపు ఎక్కువగా ఉన్నంతసేపు వేడి పుట్టించే సూక్ష్మజీవులు పెరగవు, పైగా తొక్కలోని నూనె వాటికి గిట్టదు. దానికి రెండు పనులు చేశాం. తొక్కలు పశువుల మేత కోసే మిషన్‌లో వేసి ముక్కలు చేశాం. మొత్తంలో మూడో వంతు దాటకుండా చూసి, అంతకుముందు వేసిన కుప్పలోని సగం మాగిన ఎరువు నాలుగు తట్టలు కలిపాం. నాలుగో రోజుకి అరవై డిగ్రీలు చూపించింది. ఆ రోజు మా బావమరిది థర్మామీటరు ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు.

రెండోది ప్లాస్టిక్. హోటలువాళ్లు వేరు చేసి ఇస్తామంటారు, ఇస్తారు కూడా, కానీ పాల ప్యాకెట్ కత్తిరించినప్పుడు తెగిపడే ఆ చిన్న మూల ముక్క ఉంటుంది చూశారా, గోరంత ఉంటుంది, అది ఎవరి కంటికీ చెత్తలా కనపడదు. టీ కాచే చోట రోజుకి ఎన్నో పడతాయి. నల్లటి ఎరువులో తెల్లగా, నీలంగా అవే మెరుస్తాయి, రైతు మొదట చూసేవి కూడా అవే. జల్లెడలో కొన్ని దిగిపోతాయి. దీనికి మేం కనుక్కున్నది ఒక్కటే. టీ మాస్టరుని బతిమాలి, మూల పూర్తిగా తెగకుండా ప్యాకెట్‌కే అంటుకుని ఉండేలా కత్తిరించడం అలవాటు చేయించాం. స్ట్రాలు, రబ్బరు బ్యాండ్లు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులు అక్కలు ఏరేస్తారు, కాని పాల ప్యాకెట్ మూలలు ఏరడం వాళ్ల వల్ల కూడా కాలేదు.

నవంబరు, డిసెంబరు వానలకి కుప్పలు సగం షెడ్డు బయట ఉండటంతో ఆలస్యమైంది. మామూలుగా రెండు నెలలు తిరగేసి, నెల రోజులు కదపకుండా మాగనిస్తే చాలు. మాకు మొదటి సరుకు జల్లెడ పట్టేసరికి 2025 సంక్రాంతి వెళ్లింది. ఒక టన్ను తడి చెత్తకి జల్లెడ దిగి వచ్చే ఎరువు రెండు వందల కిలోల దగ్గర ఉంటుంది. జల్లెడ పైన నిలిచిన పొట్టు ముక్కల్ని పారెయ్యకండి, అవే తర్వాతి కుప్పకి కలుపుకోవచ్చు, కొత్త పొట్టు ఖర్చు దాదాపు సగానికి తగ్గుతుంది, పైగా అందులో సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి కుప్ప త్వరగా అందుకుంటుంది.

ఎరువు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నల్లగా, వానకి తడిసిన మట్టి వాసన. రెండు సంచులు వేసుకుని పక్క మండలంలో ఒక చీనీ రైతు దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, నలభై ఏళ్లుగా చీనీ పెంచుతున్నారు. గుప్పెడు తీసి వాసన చూశారు, రెండు వేళ్లతో నలిపారు, బాగుందన్నారు. తర్వాత అడిగారు, "ఇందులో హోటళ్ల అన్నం, సాంబారు పడింటాయి గదా. ఉప్పు ఎంతుందో రిపోర్టు తెచ్చినారా? చెట్టు మాడితే ఎవురు కట్టిస్తారప్పా?" మా దగ్గర రిపోర్టు లేదు. చీనీ చెట్టు ఉప్పుకి అస్సలు తట్టుకోదు, ఆకు కొనలు మాడటంతో మొదలై ఆకులు రాలతాయి. ఆయన బోరు నీళ్లే కొంచెం ఉప్పన, దానికి తోడు ఎరువులోనూ ఉప్పు వేస్తే తోట పోతుంది. సంచులు దింపకుండానే తిరిగి వచ్చాం.

శాంపిల్ ల్యాబ్‌కి పంపాం. రెండు వేల పైన అయింది, ఫలితం రావడానికి మూడు వారాలు. ఫిబ్రవరిలో వచ్చింది. నత్రజని బాగానే ఉంది, కర్బనం బాగానే ఉంది, కర్బన నత్రజనుల నిష్పత్తి ఇరవై లోపే. ఇ.సి. అని రాసిన గడిలో 6.9. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టుకి, అంటే ఊరి చెత్త ఎరువుకి, అది 4.0 దాటకూడదు. ఇ.సి. అంటే ఒక వంతు ఎరువుని ఐదు వంతుల నీళ్లలో కలిపి ఆ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసే కొలత, కరిగే ఉప్పులు ఎంత ఎక్కువుంటే అంత పెరుగుతుంది. ఆ కాగితం చూసిన రాత్రి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. యార్డులో ఇంకో ఆరు టన్నుల దాకా అదే సరుకు మాగుతోంది.

తర్వాత ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాం. ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వందలకి పెన్ను లాంటి ఇ.సి. మీటరు దొరికింది. ఈ పని చేసేవాళ్లు మొదటి రోజే కొనాల్సిన వస్తువు అది, థర్మామీటరు కన్నా ముందు. వచ్చే ప్రతి సరుకునీ కొంచెం తీసి రుబ్బి, ఐదు రెట్లు నీళ్లలో అరగంట ఉంచి, గుడ్డలో వడగట్టి కొలిచాం. కూరగాయల తొక్కలు తక్కువ. చీనీ పిప్పి తక్కువ. చెనక్కాయ పొట్టు ఇంకా తక్కువ. మా యార్డు బోరు నీళ్లు నేరుగా పెడితే 2.1, ఇది నేను అనుకోలేదు. ఇక ఎంగిలి అన్నం, సాంబారు కలిసిన డ్రమ్ము ముద్ద అన్నిటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

దాన్ని కాగితం మీద వేసి చూస్తే విషయం స్పష్టమైంది. టన్ను చెత్తలో మూడు వందల కిలోలు వండిన తిండి ఉందనుకోండి. వంటలో ఉప్పు కిలోకి పది గ్రాముల లెక్కన చూసినా మూడు కిలోల ఉప్పు కుప్పలోకి వెళ్లినట్టు. కుప్పలో కూరగాయలు కుళ్లి, వేడికి ఆవిరై, గాలిలో కలిసి మొత్తం బరువు నాలుగో వంతుకి దిగిపోతుంది. ఉప్పుని మాత్రం ఏ సూక్ష్మజీవీ తినదు, ఆవిరీ కాదు. పొట్టుతో కలిపి పదమూడు వందల కిలోల కుప్పలో పరుచుకుని ఉన్న ఆ మూడు కిలోలూ చివరికి, జల్లెడ పట్టకముందు, మూడు వందల ముప్పై కిలోల్లో చిక్కగా మిగులుతాయి, అంటే కిలో ఎరువుకి తొమ్మిది గ్రాములు. అదొక్కటే ఇ.సి.ని మూడున్నర దాకా పెంచేస్తుంది. దాని మీద కుప్ప ఎండినప్పుడల్లా చల్లిన బోరు నీళ్లు. నీళ్లు ఆవిరైపోతాయి, అందులో ఉప్పు ఉండిపోతుంది, మళ్లీ చల్లుతాం, మళ్లీ ఉండిపోతుంది. కుప్ప కింద కారిన రసాన్ని వృథా చెయ్యకూడదని తిరిగి పైన పోయడం చాలాచోట్ల నేర్పుతారు, దానితో కారిపోవాల్సిన ఉప్పు కూడా తిరిగి లోపలికే వస్తుంది.

నీళ్లు పోసి ఉప్పు కడిగేయొచ్చు కదా అని ఒకాయన సలహా ఇచ్చారు. కడిగితే ఉప్పుతో పాటు పొటాష్ కూడా పోతుంది, రైతుకి పనికొచ్చేది అది. ఇ.సి.లో కొంత ఆ పొటాష్ వల్ల కూడా ఉంటుంది, అది చెడ్డది కాదు. పైగా మంచి నీళ్లు టన్నులకొద్దీ పోసి ఎరువు కడిగే ఊరు కాదు మాది.

కాబట్టి మార్చిలో ఒక నిర్ణయం తీసుకున్నాం. వంటింట్లో వండకముందు వచ్చేది మాత్రమే తీసుకుంటాం, కూరగాయల తొక్కలు, కొత్తిమీర కాడలు, ఉల్లి పొట్టు, అరటాకులు, టీ పిప్పి. ఎంగిలి తీసుకోం. ఇది చెప్పడానికి వెళ్లినప్పుడు నాకు కడుపులో తిప్పింది, ఎందుకంటే ఎక్కువ డబ్బులిచ్చేవాళ్లందరి దగ్గరా ఎక్కువగా ఉండేది ఎంగిలే. ఫంక్షన్ హాలువాళ్లు ఒక్క పెళ్లికి రెండు వేలు ఇచ్చేవాళ్లు, అంతా అన్నం, సాంబారు, పచ్చడి. హోటళ్లలో ఆరుగురు, "తీసుకుంటే అంతా తీసుకో, లేకపోతే వద్దు" అన్నారు. వాళ్లకి తప్పు పట్టలేం, రెండు డ్రమ్ములకి ఇద్దరు వేరే మనుషులు రావడం వాళ్లకి తలనొప్పి.

దారి చూపించింది మా యార్డులో పనిచేసే అక్కే. వాళ్ల వీధిలో గేదెలున్న ఇళ్లు నాలుగున్నాయి, రోజూ కుడితి కోసం ఇళ్లిళ్లూ తిరుగుతారు. ఎంగిలి డ్రమ్ము కూడా మేమే మా ఆటోలోనే తెచ్చి వాళ్లకి దింపుతున్నాం, హోటలుకి మాత్రం అంతా ఒకే మనిషి తీసుకెళ్తున్నట్టే. దీనికీ ఒక హద్దు ఉంది. అన్నం ఒక్కసారే ఎక్కువ తింటే గేదెకి పొట్టలో పులిసి ప్రాణం మీదికి వస్తుందని పశువుల డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకే నాలుగిళ్లకీ కొంచెం కొంచెం పంచుతాం, పాచిపోయిన వాసన వస్తే ఇవ్వం. పెళ్లిళ్ల రోజున వచ్చేంత అన్నానికి ఈ దారి సరిపోదు, అందుకే ఫంక్షన్ హాళ్ల నుంచి ఇప్పుడు అరటాకులు, కూరగాయల తొక్కలు మాత్రం తెస్తున్నాం, ఆ రెండు వేలు వదులుకున్నాం. ఆరుగురు హోటళ్లలో నలుగురు మిగిలారు.

నీళ్లకి షెడ్డు రేకుల కింద గొట్టం పెట్టి పదివేల లీటర్ల సిమెంటు తొట్టి కట్టాం, ముప్పై ఎనిమిది వేలు అయింది. మా జిల్లాలో వాన తక్కువే, కానీ వచ్చిన నాలుగు గట్టి వానలకీ తొట్టి నిండుతుంది. వాన నీళ్లు అయిపోతే బోరు నీళ్లు సగం, ట్యాంకరు నీళ్లు సగం కలిపి వాడతాం. అసలు నీళ్ల వాడకం తగ్గించింది మాత్రం తడి గోనె పట్టాలే, కుప్ప మీద కప్పితే ఏప్రిల్ ఎండలో కూడా పైపొర ఎండిపోవడం లేదు. కింద కారే రసాన్ని మొదటి రెండు వారాలు మాత్రమే పైన పోస్తున్నాం, ఆ తర్వాత వచ్చేది యార్డు అంచున ఉన్న కొబ్బరి చెట్లకి పోతుంది, కొబ్బరి ఉప్పుకి బాగానే తట్టుకుంటుంది.

పాత ఆరు టన్నుల్ని ఏం చెయ్యాలో చాలా రోజులు తేలలేదు. కొంత కొత్త కుప్పల్లో పదో వంతు మించకుండా కలిపాం. మిగిలింది ఇంకా ఒక మూల ఉంది, అమ్మలేదు. రిపోర్టు చూపించకుండా అమ్మెయ్యమని ఒకరిద్దరు చెప్పారు. ఒక్క చీనీ తోట మాడిందంటే ఈ చుట్టుపక్కల మండలాల్లో మళ్లీ ఎవరూ ఊరి చెత్త ఎరువు ముట్టుకోరు, మాదే కాదు ఎవరిదీ.

ఏప్రిల్‌లో వేసిన కొత్త కుప్ప జులైలో జల్లెడ పట్టాం. ల్యాబ్‌కి పంపాక మళ్లీ మూడు వారాల టెన్షన్. ఈసారి 3.4. మా పెన్ను మీటరులో 3.2 వచ్చింది, అంటే ఇంట్లో కొలుచుకునేది నమ్మదగ్గదే. మాగిందో లేదో చూడ్డానికి ఇంకో చిన్న పరీక్ష కూడా చేస్తున్నాం. గుప్పెడు ఎరువు తడిపి కవర్లో గట్టిగా మూసి వారం ఉంచుతాం, తెరిచినప్పుడు మట్టి వాసన వస్తే అయినట్టు, పులిసిన వాసనో ఘాటో వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి. పెసలు కూడా మొలకెత్తిస్తాం, ఎరువు నానబెట్టిన నీళ్లలో ఒక గిన్నె, మంచి నీళ్లలో ఒక గిన్నె, వేళ్లు రెండిట్లో ఒకేలా దిగాలి.

రిపోర్టు తీసుకుని ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లాం. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. పది చెట్లకి చెట్టుకి ఇరవై కిలోల చొప్పున వేయించుకున్నారు, మిగతా తోటకి వెయ్యలేదు. మూడు నెలలాగి ఆకులు చూశాకే మాట్లాడతానన్నారు. నవంబరులో ఆయనే ఫోన్ చేసి నాలుగు టన్నులు అడిగారు. నేను ఆటో పక్కకి ఆపి ఆ ఫోన్ మాట్లాడాను, గొంతు సరిగ్గా రాలేదు. ఆయన ద్వారా ఇంకో ఇద్దరు దానిమ్మ రైతులు వచ్చారు. ప్రతి లోడుకీ ఏ కుప్పది, ఇ.సి. ఎంత అన్నది చీటీ మీద రాసి ఇస్తేనే తీసుకుంటారు, మూడున్నర దాటిన కుప్పని మేమే ఆపేస్తాం.

ఇప్పుడు కిలో ఎంతకి పోతుందన్న ప్రశ్నకి వస్తాను. తోట దగ్గర దింపితే ఐదు రూపాయలు. నెలకి పదమూడు టన్నుల తడి చెత్త వస్తే ఎరువు మీద పద్నాలుగు వేల దాకా వస్తుంది, అదీ అమ్ముడైన నెలలో. హోటళ్లు, జ్యూస్ బండ్లు, మార్కెట్ కమీషన్ కొట్లు కలిపి ఇరవై ఆరు మంది ఇచ్చే డ్రమ్ము డబ్బులు ముప్పై ఎనిమిది వేలు. ఖర్చు చూస్తే డ్రైవరుకి పదమూడు వేలు, ఇద్దరు అక్కలకి రోజుకి నాలుగు వందల చొప్పున ఇరవై వేల పైన, డీజిల్ ఆరు వేలు, పొట్టు ఆరు వేలు, బాడుగ ఐదు వేలు, లోన్ కిస్తీ ఆరున్నర వేలు. నెలకి ఐదు వేల దాకా ఇంకా తగ్గుతోంది, దాన్ని మేమిద్దరం సర్దుతున్నాం. నా జీతం అని ఇందులో ఏమీ లేదు, ఇల్లు నా భార్య ఉద్యోగం మీద నడుస్తోంది. ఎరువు రేటు మీద లెక్క వేసుకుని దిగేవాళ్లు ఎరువు డబ్బులూ డ్రమ్ము డబ్బులూ పక్కపక్కన పెట్టి చూడండి. మమ్మల్ని నడిపిస్తున్నది డ్రమ్ము డబ్బులు. ఎరువు బాగుంటే ఆ చెత్తకి పోయే దారి ఉంటుంది, బాగోకపోతే యార్డులో పేరుకుపోయి పని ఆగిపోతుంది.

లోటు పూడాలంటే ఇంకో ఆరేడు మంది కావాలి, ఆటోలో అంతకి చోటుంది. స్టేషన్ రోడ్డులో టిఫిన్ సెంటర్లవాళ్లతో మాట్లాడుతున్నాం, వాళ్లు రాత్రి పదిన్నరకి రమ్మంటున్నారు, డ్రైవరుకి రెండు పూటలు కుదరదు కాబట్టి ఆ ట్రిప్పు మా బావమరిది తోలతానన్నాడు. సంచుల మీద పేరు వేసి దుకాణాల్లో అమ్మడానికి వ్యవసాయ శాఖ అనుమతికి దరఖాస్తు పెట్టాం. శాంపిల్ తీసుకెళ్లి ఆరు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు.